ఏ సీసా దేనికి, ఏది దేనితో కలపకూడదు: పనికి వచ్చే అక్కకు చీటీ రాసే పద్ధతి

"బాత్రూమ్‌లో ఏం వాడాలో, గట్టు మీద ఏం వాడకూడదో మా పనమ్మాయికి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండట్లేదు, మీరు రాసిచ్చిన చీటీ ఎలా ఉంటుంది?" అని ఈమధ్య చాలామంది అడిగారు. గుర్తుండకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. ఆమె నాలుగిళ్లలో చేస్తుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో రాయి, ఒక్కో సీసా. మనమేమో చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో నిలబడి చెప్పేసి వెళ్తాం.

చీటీ రాయడానికి పది నిమిషాలు చాలు. రాయడానికి ముందు చేయాల్సిన పనికే ఒక ఆదివారం పొద్దున పడుతుంది. అందుకే ఇక్కడ సగం అదే ఉంటుంది. చివర్లో మా ఇంటి చీటీ మొత్తం ఇచ్చాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి, ఉన్నదున్నట్టు అతికించకండి. ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

## 1. ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఒకచోట పెట్టండి

సింక్ కింద, బాత్రూమ్ అరలో, బాల్కనీ మూలలో, వాషింగ్ మెషిన్ వెనకాల ఉన్నవన్నీ తీసి వరండాలో వరుసగా పెట్టండి. మా ఇంట్లో పదకొండు తేలాయి. వాటిలో రెండిటికి పేరే లేదు, కూల్‌డ్రింక్ బాటిల్‌లో పోసిన తెల్లటి ద్రవం. అది ఫినాయిలో, యాసిడో వాసన చూసి తేల్చుకుందామని అనుకోకండి. పేరు లేనిది ఇంట్లో ఉండకూడదు. అపార్ట్‌మెంట్‌లో చెత్త తీసుకెళ్లే వాళ్లకు అది ఏమిటో తెలియదని చెప్పి, మూత బిగించి, విడిగా ఇచ్చేయండి.

మిగతావాటిని బ్రాండ్ చూసి కాకుండా, వెనకాల సన్న అక్షరాల్లో ఉన్నది చదివి కుప్పలుగా వేరు చేయండి.

యాసిడ్ కుప్ప. బాత్రూమ్ యాసిడ్, చాలా రకాల టాయిలెట్ క్లీనర్లు (హైడ్రోక్లోరిక్ యాసిడ్ అని ఉంటుంది), ట్యాపుల మీద ఉప్పు మరకలు తీసేవి, వెనిగర్, నిమ్మ ఉప్పు. ఇత్తడి సామాన్లు తోమే చింతపండు కూడా ఇందులోదే.

బ్లీచ్ కుప్ప. బ్లీచింగ్ పౌడర్, తెల్లబట్టలకు వాడే బ్లీచ్ ద్రవం, గోడల మీద బూజు పోగొట్టే కొన్ని స్ప్రేలు. సోడియం హైపోక్లోరైట్ అనో, కాల్షియం హైపోక్లోరైట్ అనో ఉంటుంది.

అమ్మోనియా ఉన్నవి. కొన్ని అద్దాల స్ప్రేలలో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. చదవాల్సిందే.

డ్రైన్ పౌడర్. సింక్ జామ్ అయితే వేసేది. కాస్టిక్ సోడా. ఇది ఎవరితోనూ కలవదు, విడిగా పెట్టండి.

సబ్బు జాతి. గిన్నెల లిక్విడ్, బట్టల పౌడర్, నేల తుడిచే లిక్విడ్, ఫినాయిల్. వీటితో పెద్ద ప్రమాదం లేదు. కానీ బ్లీచ్‌తో వీటినీ కలపకూడదు.

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. "టాయిలెట్ క్లీనర్" అన్న మాట చూసి అన్నీ ఒకటే అనుకుంటారు. మార్కెట్లో యాసిడ్‌తో చేసిన టాయిలెట్ క్లీనర్ ఉంది, బ్లీచ్‌తో చేసిన టాయిలెట్ క్లీనర్ కూడా ఉంది. సీసా మెడ వంపు కూడా ఒకేలా ఉంటుంది. ఆఫర్‌లో ఉందని ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి తెస్తే, పాతది అయిపోకుండానే కొత్తది అదే కమోడ్‌లో పడుతుంది.

కుప్పలు వేరయ్యాక ఒక నిర్ణయం తీసుకోండి: బాత్రూమ్ కోసం యాసిడ్ జాతి, బ్లీచ్ జాతి రెండూ ఇంట్లో పెట్టుకోకండి. ఏదో ఒకటే. చీటీలో "కలపకండి" అని ఎర్ర పెన్నుతో పదిసార్లు రాసేకంటే, కలపడానికి రెండోది లేకుండా చేయడం నయం. మాది బోరు నీళ్లు. కమోడ్‌లో పసుపు పచ్చటి ఉప్పు పొర కడుతుంది, అది బ్లీచ్‌కు పోదు, యాసిడ్‌కే పోతుంది. కాబట్టి మేము యాసిడ్ జాతి ఉంచుకున్నాం. బ్లీచింగ్ పౌడర్ సంపు కడిగించే రోజు మాత్రమే కొంటాం, మిగిలింది సంపు కడిగినవాళ్లకే ఇచ్చేస్తాం.

## 2. మీ నేల ఏ రాయో తేల్చుకోండి

తెలుగు ఇళ్లలో ఈ మెట్టు దాటేయడానికి వీల్లేదు. మన దగ్గర వాడే బండల్లో చాలావరకు సున్నపురాయి. తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల బండ, అరలకూ వంటగట్లకూ వేసే నల్ల కడప బండ అన్నీ ఆ కోవలోవే. మార్బుల్ కూడా వేడికీ ఒత్తిడికీ మారిన సున్నపురాయే. పాత ఇళ్లలోని మొజాయిక్ గచ్చులో ఉండేది సిమెంటు, మార్బుల్ ముక్కలు.

సున్నపురాయికి యాసిడ్ తగిలితే కరుగుతుంది. అది మరక కాదు, రాయి పై పొర పోవడం. అందుకే ఎంత తుడిచినా పోదు. మా పాత ఇంట్లో బాత్రూమ్ అర కడప బండ. టాయిలెట్ క్లీనర్ సీసా అడుగున తడి ఉండి, ఆ అర మీద తెల్లటి గుండ్రటి వలయం పడింది. ఎవరూ ఏమీ ఒలకబోయలేదు, సీసా అక్కడ కూర్చుందంతే.

గ్రానైట్, వెట్రిఫైడ్ టైల్స్ అలా కాదు. వాటికి పలచటి యాసిడ్ వల్ల వెంటనే ఏమీ కాదు. అయితే టైల్స్ మధ్య సందుల్లో నింపేది సాధారణంగా సిమెంటే. యాసిడ్ పోసి కడిగిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం పోతుంది. కొన్నేళ్లకు సందుల్లోంచి నీళ్లు దిగి, కింది ఫ్లాట్‌వాళ్లు తలుపు కొడతారు.

మీది ఏ రాయో తెలియకపోతే పరీక్ష ఇలా:

- ఎవరికీ కనపడని మూల చూసుకోండి. ఫ్రిజ్ వెనకాల, మంచం కింద, అర అడుగు భాగం.
- అక్కడ ఒక్క చుక్క నిమ్మరసం వేయండి.
- పది నిమిషాలు ఆగి తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వండి.
- వెలుతురుకు వాలుగా చూడండి. మెరుపు పోయి మచ్చ కనిపిస్తే అది సున్నపురాయి జాతి. ఏమీ కనపడకపోతే గ్రానైటో, టైలో.

ప్రతి గదికీ విడిగా చేయండి. హాల్లో టైల్స్ ఉండి, వంటగదిలో కడప బండ, గుమ్మం దగ్గర పట్టీ మాత్రం మార్బుల్ ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. బాత్రూమ్ గడప పట్టీని అందరూ మర్చిపోతారు. టాయిలెట్ క్లీనర్ చుక్కలు ముందు పడేది అక్కడే.

## 3. చోటు చోటుకీ ఏది సరిపోతుంది

ఇదంతా చీటీలో రాయక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు, చీటీలోకి ముగింపు మాట మాత్రమే వెళ్తుంది.

నేల. ఏ రాయికైనా సరిపోయేది బకెట్ నీళ్లలో ఒక మూత నేల లిక్విడ్. మూత కొలత ఆ సీసా మీదే ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం అవదు, నేల జిగురుగా మారి, కాళ్ల గుర్తులు పడతాయి. "ఎన్నిసార్లు తుడిచినా మరకలే" అనే ఇళ్లలో సగం సమస్య ఇదే. ఇంకో సంగతి: క్రిములు చంపే నేల లిక్విడ్లలో చాలావాటికి బట్టల పౌడర్ పడదు. రెండూ ఒకే బకెట్‌లో వేస్తే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది. ప్రమాదం లేదు, డబ్బు దండగ.

వంటగట్టు. గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసిన తడిగుడ్డ, తర్వాత ఉత్త నీళ్ల గుడ్డ. గట్టు కడప బండో మార్బులో అయితే నిమ్మచెక్క, చింతపండు, వెనిగర్ దాని మీద పెట్టకూడదు. శుక్రవారం ముందు రోజు పూజ సామాన్లు చింతపండుతో తోమేది సాధారణంగా ఈ గట్టు మీదే. ప్లాస్టిక్ బేసిన్‌లో పెట్టి సింక్‌లో తోమమని చెప్పండి.

స్టీల్ సింక్, ట్యాపులు. రోజూ గిన్నెల లిక్విడ్ చాలు. టాయిలెట్ క్లీనర్‌తో సింక్ మెరిపించడం చాలా ఇళ్లలో చూశాను. ఒకటి రెండుసార్లు మెరుస్తుంది, తర్వాత నల్లటి చుక్కలు పడి సన్నటి గుంటలవుతాయి. బ్లీచ్ నిలవ ఉన్నా అంతే. ట్యాపుల మీద తెల్లటి ఉప్పు పొర ఉంటే గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో చిన్న చెంచా నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి ట్యాపుకు చుట్టి, పది నిమిషాలు ఉంచి కడిగేయాలి. కింద సున్నపురాయి గట్టు ఉంటే ఆ నీళ్లు కారకుండా చూడాలి.

కమోడ్. యాసిడ్ జాతి టాయిలెట్ క్లీనర్ లోపలి అంచు కింద చుట్టూ పోసి, సీసా మీద రాసినంతసేపు ఉంచి, బ్రష్‌తో తోమి, ఫ్లష్ చేయాలి. కమోడ్ లోపల మాత్రమే. సీటు, మూత, ఫ్లష్ బటన్ ప్లాస్టిక్, వాటికి గిన్నెల లిక్విడ్ నీళ్లు.

బాత్రూమ్ నేల, గోడలు. బట్టల పౌడర్, బ్రష్. యాసిడ్ వద్దు, టైల్స్ అయినా వద్దు.

అద్దం. స్ప్రేను గుడ్డ మీద కొట్టి తుడవాలి, అద్దం మీద కాదు. అద్దం మీద కొడితే ద్రవం అంచుల్లోకి దిగి వెనక పూత నల్లబడుతుంది.

టీవీ. పొడిగుడ్డ. అద్దాల స్ప్రే దాని మీద పడకూడదు.

చెక్క, సన్‌మైకా. పిండిన తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ.

అల్యూమినియం, నాన్‌స్టిక్. చాకలి సోడా, బ్లీచ్ తగిలితే అల్యూమినియం నల్లబడుతుంది. నాన్‌స్టిక్‌కు మెత్తటి పీచు, స్టీల్ పీచు కాదు.

## 4. కలపకూడనివి, అసలు "కలపడం" అంటే ఏమిటి

చీటీలో ఈ భాగం చిన్నగా ఉండాలి కానీ మీకు మాత్రం పూర్తిగా తెలియాలి. ఆమె "ఎందుకమ్మా?" అని అడుగుతుంది, అడగాలి కూడా. కారణం తెలిసినవాళ్లు మర్చిపోరు.

యాసిడ్ జాతి + బ్లీచ్ జాతి. క్లోరిన్ వాయువు పుడుతుంది. ఇళ్లలో జరిగే ప్రమాదాల్లో ముందు చూసుకోవాల్సింది ఇదే. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకని పైకి పోకుండా నేల దగ్గరే పరుచుకుంటుంది. నిలబడి ఉన్న మనకు వాసన కొంచెమే తగులుతుంది. గొంతుక్కూర్చుని బ్రష్‌తో తోముతున్న మనిషి ముక్కు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. "నాకేం రాలేదే వాసన" అని గుమ్మంలోంచి అనకండి.

బ్లీచ్ జాతి + అమ్మోనియా. క్లోరమైన్ అనే వాయువు. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. అద్దాల స్ప్రే ఒక్కటే కాదు, సరిగ్గా కడగని మూత్రంలోనూ అమ్మోనియా ఉంటుంది. కంపు కొడుతున్న టాయిలెట్‌లో నేరుగా బ్లీచింగ్ పౌడర్ చల్లితే ఘాటు ఒక్కసారిగా లేవడానికి కారణం అదే. ముందు నీళ్లు బాగా పోయాలి.

బ్లీచ్ జాతి + స్పిరిట్, శానిటైజర్, ఫినాయిల్. స్పిరిట్‌తో కలిస్తే విషపు ఆవిర్లు వస్తాయి. నూనెతో చేసిన ఫినాయిల్‌ను పొడి బ్లీచింగ్ పౌడర్ మీద పోస్తే వేడెక్కుతుంది. రెండూ పక్కపక్కన కూడా పెట్టకండి.

డ్రైన్ పౌడర్ + యాసిడ్. వాయువు సంగతి తర్వాత, ముందు అది సలసల మరిగి పైకి చిమ్ముతుంది. "పౌడర్ వేశాను, జామ్ పోలేదు, కాస్త యాసిడ్ పోద్దాం" అనుకున్నప్పుడు జరుగుతుంది. డ్రైన్ పౌడర్ పని నేను అక్కకు అసలు ఇవ్వను, అది ఇంటివాళ్లే చేయాలి. వేడినీళ్లు కూడా పోయకూడదు.

ఇక "కలపడం" అంటే బకెట్‌లో రెండు సీసాలు వంపడం ఒక్కటే కాదు. ఇవన్నీ కలపడమే:

- ఒకటి పోసి, అది సరిగ్గా పోకముందే అదే కమోడ్‌లో రెండోది పోయడం.
- యాసిడ్‌లో ముంచిన బ్రష్‌ను కడగకుండా బ్లీచ్ నీళ్లలో ముంచడం.
- రెండు బాత్రూమ్‌లు కడిగిన నీళ్లు ఒకే కాలువలోకి పోయి, అక్కడ కలవడం.
- ఖాళీ అయిన సీసాలో ఇంకో రకం పోసి పెట్టడం. మూత బిగిస్తే లోపల వాయువు పెరిగి సీసా ఉబ్బుతుంది, పగులుతుంది.

ఇంట్లోనే "సూపర్ క్లీనర్" అంటూ ఫోన్లో వచ్చే వీడియోల్లో సర్ఫ్, బ్లీచ్, టాయిలెట్ క్లీనర్ ఒకే మగ్గులో కలుపుతుంటారు. ఆ వీడియోలు ఆమె కూడా చూస్తుంది, మన అత్తగారూ చూస్తారు. వంట సోడా, వెనిగర్ కలిపే వీడియోలు మాత్రం ప్రమాదం లేనివి. నురుగు బాగా వస్తుంది, మిగిలేది ఉప్పు నీళ్లలాంటిదే.

## 5. సీసాలకు రంగు టేపు

చీటీ చదవడం రాకపోవచ్చు, తెలుగు కాకుండా ఒడియానో, హిందీనో చదివే మనిషి కావచ్చు. కాబట్టి చీటీ కంటే ముందు రంగు. స్టేషనరీ షాపులో ఎలక్ట్రికల్ టేపు రంగురంగులది దొరుకుతుంది.

- యాసిడ్ జాతికి ఎర్ర టేపు. దాని బ్రష్ పిడికి కూడా ఎర్ర టేపు.
- బ్లీచ్ జాతి తప్పనిసరిగా ఉంచుకుంటే నీలం టేపు, విడి బ్రష్, విడి అర, వీలైతే తాళం.
- మిగతావాటికి ఆకుపచ్చ.

నియమం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఎరుపు, నీలం ఒకే రోజు ఒకే గదిలోకి వెళ్లవు.

టేపు సీసా మెడకు చుట్టండి. పొట్టకు చుడితే లేబుల్ కప్పేస్తుంది, ప్రమాదం జరిగినప్పుడు డాక్టరుకు కావాల్సింది ఆ లేబులే.

## 6. మా ఇంటి చీటీ

ఒక పేజీ దాటకూడదు. పెద్ద అక్షరాలు. "కొంచెం", "తగినంత" లాంటి మాటలు వద్దు, మూత, చెంచా, మగ్గు అని రాయండి. బ్రాండ్ పేరు పక్కన సీసా రంగు రాయండి, ఎందుకంటే ఆమె చేతిలోకి తీసుకునేది రంగు చూసే. ఆజ్ఞలా కాకుండా మనిషితో మాట్లాడినట్టు రాయండి.

> అక్కా,
>
> హాలు, గదులు: బకెట్ నీళ్లకు ఆకుపచ్చ టేపు నేల లిక్విడ్ ఒక మూత. సర్ఫ్ కలపొద్దు.
>
> వంటగట్టు (నల్ల రాయి): గిన్నెల లిక్విడ్, తడిగుడ్డ. నిమ్మకాయ, చింతపండు, ఎర్ర టేపు సీసా ఈ రాయి మీద పెట్టొద్దు, తెల్ల మచ్చ పడితే పోదు. పూజ సామాన్లు నీలం బేసిన్‌లో పెట్టి సింక్‌లో తోమండి.
>
> సింక్, ట్యాపులు: గిన్నెల లిక్విడ్, మెత్తటి పీచు. ఉప్పు మరకలు నేను తీస్తాను.
>
> కమోడ్ లోపల మాత్రం: ఎర్ర టేపు సీసా, ఎర్ర బ్రష్. ముందు ఫ్యాన్ వేయండి, తలుపు తీసి ఉంచండి, గ్లౌజులు వేసుకోండి. పోసి బయటికి వచ్చేయండి, గిన్నెలు తోమి వెళ్లి బ్రష్ చేసి ఫ్లష్ చేయండి.
>
> బాత్రూమ్ నేల, గోడ: బకెట్‌లో సర్ఫ్ రెండు చెంచాలు, పెద్ద బ్రష్. ఎర్ర టేపు సీసా వద్దు.
>
> అద్దం: స్ప్రే గుడ్డ మీద కొట్టండి. టీవీకి పొడిగుడ్డే.
>
> ఎప్పుడూ కలపొద్దు: ఎర్ర టేపు సీసాలో, అది పోసిన చోట, ఇంకేదీ పోయొద్దు. బ్లీచింగ్ పౌడర్ ఎవరైనా తెచ్చి ఇచ్చినా మన బాత్రూమ్‌లో వేయొద్దు, నన్ను అడగండి.
>
> ఘాటు వాసన వచ్చి కళ్లు మండితే: ఏదీ కడగొద్దు, సర్దొద్దు. వెంటనే బాల్కనీలోకి వచ్చి నాకు ఫోన్ చేయండి. ఊపిరి అందకపోతే 108.
>
> ఏదైనా అయిపోయినా, సీసా మారినా చెప్పండి. మీరు నష్టం చేశారని ఎవరూ అనరు.

చివరి వాక్యం ఊరికే రాయలేదు. మచ్చ పడ్డప్పుడు తిడతారన్న భయంతో, దాన్ని పోగొట్టడానికి ఇంకోటి పోస్తారు. ఆ రెండోది పోసినప్పుడే ప్రమాదం.

గ్లౌజులు, ఒక జత పాత చెప్పులు మనమే కొనిపెట్టాలి. గ్లౌజులు ఆమె చేతి కొలతకు సరిపోవాలి, వదులుగా ఉంటే లోపలికి నీళ్లు దిగి ఉన్నదానికంటే ఎక్కువ మంట పుడుతుంది.

## 7. చీటీ ఇచ్చే రోజు చేయాల్సినవి

- ఆమె తొందరలో లేని రోజు చూసుకోండి. ఆ రోజు ఒక పని తగ్గించండి.
- ఇల్లంతా చీటీ పట్టుకుని ఇద్దరూ ఒకసారి తిరగండి. ప్రతిచోటా సీసా ఆమె చేతికే ఇచ్చి, ఏది ఎక్కడో ఆమెనే చెప్పమనండి.
- చదవడం రాకపోతే అదే చీటీని మీ గొంతుతో చదివి వాట్సాప్‌లో వాయిస్ పంపండి.
- చీటీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి సింక్ పక్కన ఒకటి, బాత్రూమ్ తలుపు వెనక ఒకటి అంటించండి.
- మీరు లేనప్పుడు ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి. "కాస్త బ్లీచింగ్ చల్లమ్మా, కంపు పోతుంది" అనేది సాధారణంగా వాళ్లే.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దడం

బండ మీద తెల్ల మచ్చ పడింది. వెంటనే అయితే నీళ్లు పోసి తుడవండి, అంతకు మించి ఏమీ పోయొద్దు. ఆరాక మెరుపు పోతే పాలిష్ పట్టించాల్సిందే. కడప బండ మీద కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లు కనపడదు, అంతే.

టాయిలెట్ క్లీనర్ పోసినా పసుపు పొర పోవట్లేదు. ఇంకో రకం పోయడం కాదు, కమోడ్‌లో నిలిచిన నీళ్లు పలచన చేస్తున్నాయి. మగ్గుతో నీళ్లు తగ్గించి, మళ్లీ అదే సీసా పోసి, సీసా మీద రాసినంతసేపు పూర్తిగా ఆగండి.

బ్లీచ్ వాడాల్సిన అవసరం నిజంగానే వచ్చింది. ఇంట్లో వాంతులు, విరేచనాల జబ్బు ఉంటే వస్తుంది. ఆ వారం ఎర్ర సీసా పూర్తిగా లోపల పెట్టేయండి. కమోడ్‌ను నాలుగైదుసార్లు ఫ్లష్ చేసి, మర్నాటి నుంచి బ్లీచ్ వాడండి. తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరు చల్లటి నీళ్లకు ఒక చిన్న చెంచా, అప్పటికప్పుడు కలిపి ఆ రోజే వాడాలి. వేడినీళ్లు వద్దు.

## 9. పొరపాటున కలిసిపోతే

- ఉన్నవి ఉన్నచోట వదిలేసి బయటికి రావాలి. మూత పెట్టడానికి, ఫ్లష్ చేయడానికి ఆగకూడదు.
- ఫ్యాన్ స్విచ్ బయట ఉంటే వేయండి. లోపల ఉంటే వదిలేయండి. పిల్లలను ముందు బయటికి పంపండి.
- కళ్లు మండుతుంటే కొళాయి కింద 15 నిమిషాలు నీళ్లు పారనివ్వాలి. రెప్పలు తెరిచి ఉంచాలి.
- మీద చిందితే ఆ బట్ట తీసేసి ఒళ్లు నీళ్లతో కడగాలి. సిగ్గుపడకుండా మార్చుకోవడానికి మీ నైటీ ఒకటి ఇవ్వండి.
- ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. సీసా పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.
- ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఆగని దగ్గు ఉంటే 108. ఉబ్బసం ఉన్నవాళ్లయితే లక్షణాలు పెరిగేదాకా చూడకండి.

దగ్గు తగ్గిందని ఆమెను అలాగే ఇంకో ఇంటికి పనికి పంపకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం లాంటిది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. ఆ రోజు సెలవు ఇచ్చి, రాత్రి ఫోన్ చేసి కనుక్కోండి.

## 10. వారం తర్వాత ఒకసారి

చీటీ అంటించిన వారానికి ఇవి చూడండి: ఎర్ర బ్రష్ ఇంకా ఎర్ర సీసా పక్కనే ఉందా, నేల లిక్విడ్ ఎంత తగ్గింది (మామూలు కంటే ఎక్కువ తగ్గితే మూత కొలత తప్పుతోంది), బాత్రూమ్ గడప పట్టీ మీద కొత్త మచ్చలేమైనా వచ్చాయా.

ఆమెను కూడా అడగండి, చీటీలో లేనిది ఏమైనా ఉందా అని. మేము అడిగితే అక్క నన్ను గెస్ట్ బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి ఫ్లష్ ట్యాంక్ మూత ఎత్తింది. "మరి ఈ నీలం బిళ్ల సంగతి రాయలేదేంటమ్మా?" నేనే వేసి మర్చిపోయాను. అట్ట ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. తీసి చదివితే క్లోరిన్ వదిలే రకం. అంటే వారంగా ఆమె ఎర్ర సీసా పోసి ఫ్లష్ నొక్కిన ప్రతిసారీ ఆ నీళ్లు దాని మీదే పడుతున్నాయన్నమాట. గ్లౌజులు వేసుకుని బిళ్ల తీసేశాం, ట్యాంక్ రెండుసార్లు ఖాళీ చేశాం. చీటీలో "ఫ్లష్ ట్యాంక్‌లో ఏ బిళ్లా వేయొద్దు" అని ఒక వరుస చేర్చాను. అది ఆమెకు కాదు, నాకు.